అరువు ఖాతా కోరే లేఖ: పూచీలు, అంచనాలు, తేలని ప్రశ్నలు

చిల్లర దుకాణదారు టోకు వ్యాపారికి ఈమెయిల్ రాసి, ఇకపై సరుకును నగదుకు కాక గడువు మీద ఇవ్వమని అడిగినప్పుడు, అందులో సాధారణంగా మూడు అంశాలు ఉంటాయి. దుకాణం వివరాలు మొదటిది, దాని నడతను చెప్పగలిగిన వారి పేర్లు రెండోది, నెలకు ఎంత సరుకు కొనగలదో తెలిపే అంచనా మూడోది. వీటిలో దేనికి ఎంత బరువు ఇవ్వాలన్న విషయంలో వ్యాపారులకూ, అర్థశాస్త్రజ్ఞులకూ, న్యాయవాదులకూ మధ్య ఏకాభిప్రాయం లేదు. ఈ వివాదం ఎలా పెరిగిందో, అందులోని ప్రధాన వాదాలేమిటో, ఏయే ప్రశ్నలు ఇంకా తేలలేదో కిరాణా వ్యాపారాన్ని ఆధారంగా చేసుకుని పరిశీలించడం ఈ సమీక్ష ఉద్దేశం.

1. నోటిమాట నుంచి రాతకు

ఒక వ్యాపారి పరపతి గురించి, అంటే తీసుకున్న సరుకుకు చెప్పిన గడువులో డబ్బు కడతాడన్న నమ్మకం గురించి, మూడో మనిషి చెప్పిన మాటకు బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఇంగ్లండు న్యాయస్థానాల ముందుకు 1789లోనే వచ్చింది. ఫలానా కొనుగోలుదారుకు నిర్భయంగా అరువు ఇవ్వవచ్చని ఒకరు చెప్పిన మాట నమ్మి వ్యాపారులు రంగు సరుకు అరువిచ్చి నష్టపోయిన ఆ వ్యాజ్యం, పాస్లీ వర్సెస్ ఫ్రీమన్‌గా ప్రసిద్ధమైంది. తెలిసి అబద్ధం చెప్పినవాడికి ఆ వ్యవహారంలో సొంత లాభం లేకపోయినా నష్టానికి అతడే బాధ్యుడని అందులో తేలింది. దాంతో పూచీ మాటల మీద వ్యాజ్యాలకు దారి తెరుచుకోగా, ఇతరుల పరపతి గురించి చేసిన ప్రకటన రాతలో ఉండి, చేసినవారి సంతకం ఉంటేనే దాని ఆధారంగా దావా నడుస్తుందని ఇంగ్లండులో 1828 నాటి చట్టం షరతు పెట్టింది.

అమెరికాలో ఈ సమస్య మరో రూపం తీసుకుంది. 1837 ఆర్థిక సంక్షోభంలో దెబ్బతిన్న పట్టు వ్యాపారి లూయిస్ టప్పన్, దూరప్రాంతాల దుకాణదారుల ఆస్తి, అలవాట్లు, చెల్లింపుల తీరు మీద స్థానిక ప్రతినిధుల నుంచి సమాచారం సేకరించి చందాదారులకు అందించే సంస్థను 1841లో న్యూయార్క్‌లో నెలకొల్పాడు. అంతవరకు కొనుగోలుదారు తెచ్చే పరిచయ లేఖే ఆధారం కాగా, ఇక మీదట అతడికి తెలియకుండా కూడా సమాచారం పోగయ్యే ఏర్పాటు వచ్చింది. అంటే, దరఖాస్తుదారు తానే ఎంచుకున్న సాక్షికీ, అతడి ప్రమేయం లేకుండా దొరికే సాక్ష్యానికీ ఉన్న తేడా అప్పుడే స్పష్టమైంది. నేటి వాదోపవాదాలన్నీ ఈ తేడా చుట్టూనే తిరుగుతున్నాయి.

భారతదేశంలో 2000లో సిబిల్ ఏర్పాటుతో పరపతి సమాచార వ్యవస్థ మొదలై, 2005లో దానికి ప్రత్యేక చట్టం వచ్చింది. అయితే ఈ వ్యవస్థలోకి చేరే సమాచారం ప్రధానంగా బ్యాంకులు, ఆర్థిక సంస్థలు ఇచ్చిన రుణాలకు సంబంధించినది. బేగంబజారులోనో విజయవాడలోనో ఉన్న టోకు వ్యాపారి చిట్టా ఆవర్జాల్లో దుకాణదారు పేరిట నమోదైన బకాయి మామూలుగా అక్కడికి చేరదు. అందువల్ల గృహరుణం సక్రమంగా కట్టి మంచి స్కోరు సంపాదించిన దుకాణదారు, నలుగురు టోకు వ్యాపారులకు బకాయి పడి ఉండటం అసంభవం కాదు. బ్యాంకు రుణమే తీసుకోని దుకాణదారు ఇరవై ఏళ్లుగా ప్రతి బిల్లూ గడువులో కట్టినా ఆ సంగతి స్కోరులో కనబడదు. లేఖలో పూచీదారుల పేర్లు అడగటం నేటికీ కొనసాగడానికి కారణం ఈ ఖాళీయే.

2. మూడు వాదాలు

మొదటిది పరిచయ వాదం. ఒకే బజారులో మెలిగేవారికి ఒకరి సంగతి మరొకరికి తెలుస్తుంది కాబట్టి, ఇప్పటికే అరువిస్తున్న ఇద్దరు ముగ్గురు సరఫరాదారుల మాటకు మించిన ఆధారం లేదని ఈ వాదులు అంటారు. వియత్నాం ప్రైవేటు సంస్థల మీద జాన్ మెక్‌మిలన్, క్రిస్టఫర్ వుడ్రఫ్ 1999లో ప్రచురించిన అధ్యయనం దీనికి కొంత బలం ఇస్తుంది. వ్యాపార సంబంధాల వలయం ద్వారా పరిచయమైన కొనుగోలుదారులకు ఎక్కువ అరువు దొరుకుతుందని ఆ అధ్యయనం గుర్తించింది. కానీ కొనుగోలుదారుకు మరో సరఫరాదారు సులువుగా దొరకని చోట కూడా అరువు పెరుగుతుందని అదే అధ్యయనం చెప్పింది. అంటే నమ్మకంతో పాటు, వదిలిపోలేని స్థితి కూడా అరువుకు పునాది అవుతుందన్నమాట.

పూచీదారు మాటలో ఉండే స్వార్థాన్ని ఈ వాదం తక్కువగా అంచనా వేస్తుందన్నది విమర్శకుల అభిప్రాయం. దుకాణదారు పేర్లిచ్చేది తన గురించి మంచి చెప్పేవారివే గనుక, నాలుగో సరఫరాదారుతో చెడిన లెక్క బయటపడదు. అంతకన్నా సూక్ష్మమైన చిక్కు మరొకటి ఉంది. తనకు రావలసిన పాత బకాయి ఉన్న సరఫరాదారు, ఆ దుకాణానికి మరోచోట అరువు పుడితే తన డబ్బు తనకు వస్తుందన్న ఆశతో పొగడవచ్చు. మంచి ఖాతాదారును పోటీదారుకు వదులుకోవడం ఇష్టంలేని సరఫరాదారు ముక్తసరిగా మాట్లాడి తప్పించుకోవచ్చు. కాబట్టి అనుభవజ్ఞులు మనిషి ఎలాంటివాడని అడగరు. ఎంతకాలంగా కొంటున్నాడు, ఒక దశలో అత్యధికంగా ఎంత బకాయి ఉంది, ఒప్పుకున్న గడువెంత, నిజంగా కట్టింది ఎన్ని రోజులకు, చెక్కు ఎప్పుడైనా తిరిగివచ్చిందా అని లెక్కలే అడుగుతారు. పొగడ్తను సాగదీయవచ్చు గాని, ఈ అయిదింటికీ పొంతన కుదిరేలా అబద్ధం చెప్పడం కష్టం.

రెండోది పత్ర వాదం. దుకాణదారు సహాయం లేకుండానే సరిచూసుకోగలిగిన కాగితాలకే విలువ ఇవ్వాలన్నది దీని సారాంశం. జీఎస్టీ నమోదు సంఖ్య ఇస్తే, అధికారిక పోర్టల్‌లో ఆ సంస్థ పేరు, నమోదైన తేదీ, అది సాధారణ పద్ధతిలో పన్ను కడుతోందా లేక చిన్న వ్యాపారులకు ఉద్దేశించిన కాంపోజిషన్ పద్ధతిలో ఉందా అన్నది, రిటర్నులు దాఖలైన తేదీలు ఎవరైనా చూడవచ్చు. ఎనిమిదేళ్లుగా దుకాణం నడుపుతున్నామని లేఖలో రాసి, నమోదు మాత్రం గత సంవత్సరానిదైతే, యాజమాన్యం మారిందా, పాత పేరు మీద బకాయిలు మిగిలాయా అన్న అనుమానం సహజంగా వస్తుంది. పత్ర వాదానికి హద్దు కూడా ఇక్కడే ఉంది. రిటర్ను దాఖలు చేయడం చట్టానికి లోబడే అలవాటును చూపుతుంది గాని, సరఫరాదారుకు డబ్బు కట్టే అలవాటును చూపదు.

మూడోది నడత వాదం. లేఖ ఎలా ఉన్నా మొదట నగదుకు, తర్వాత ‘బిల్ టు బిల్’ పద్ధతిలో, అంటే కొత్త సరుకు దింపేటప్పుడు పాత బిల్లు కట్టించుకునే పద్ధతిలో, ఆ పైన రోజుల గడువు మీద ఇస్తూ, చెల్లింపు తీరును బట్టి పరిమితి పెంచాలని ఈ వాదులు చెబుతారు. సరుకు రూపంలో ఇచ్చిన అప్పును నగదులా తేలికగా దారి మళ్లించలేరని మైక్ బర్కార్ట్, టోరే ఎలింగ్సెన్ 2004లో చేసిన సిద్ధాంతం వీరికి అండ. అయితే కిరాణాలో ఈ అండ కొంత బలహీనపడుతుంది. ప్రత్యేక యంత్రభాగాన్ని అమ్ముకోవడం కష్టం కాని, నూనె డబ్బాలనూ చక్కెర బస్తాలనూ కొన్న ధరకన్నా కాస్త తగ్గిస్తే సాయంత్రానికల్లా నగదు చేసుకోవచ్చు. పైగా మోసం చేయదలచినవాడు మొదటి మూడు బిల్లులు ఠంచనుగా కట్టి, నమ్మకం కుదిరాక పెద్ద ఆర్డరు పెట్టి మాయమయ్యే పద్ధతి బజారులో కొత్తదేమీ కాదు. అలవాటుకు మించి హఠాత్తుగా పెరిగిన ఆర్డరు, అందులోనూ త్వరగా అమ్ముడయ్యే సరుకుల మీదే పడిన ఆర్డరు, దానికి తొలి సూచన.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు ఇలా ఉంటాయి.

| వాదం | దేన్ని నమ్ముతుంది | బలం | లోపం |
|---|---|---|---|
| పరిచయం | ఇతర సరఫరాదారుల అనుభవం | చెల్లింపు తీరు నేరుగా తెలుస్తుంది | సాక్షిని ఎంచుకునేది దరఖాస్తుదారే |
| పత్రాలు | నమోదు, రిటర్నులు | స్వతంత్రంగా సరిచూడవచ్చు | బకాయిల సంగతి చెప్పవు |
| నడత | సొంత ఖాతాలోని చెల్లింపులు | కల్పించడం కష్టం | సమయం పడుతుంది, పథకం ప్రకారం చేసే మోసాన్ని ఆపదు |

3. నెలసరి అంచనా: అంకె వెనుక అంకె

పూచీల మీద జరిగినంత చర్చ నెలసరి కొనుగోళ్ల అంచనా మీద జరగలేదు. చాలామంది దాన్ని వ్యాపారం ఎంత పెద్దదో చూపే ఆకర్షణగా భావిస్తారు. నిజానికి టోకు వ్యాపారి ఆ అంకె నుంచి తెలుసుకోవాలనుకునేది, ఏ రోజున తన డబ్బు అత్యధికంగా ఎంత ఇరుక్కుంటుందన్న విషయం. దీన్ని ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు.

తెనాలిలోని ఒక కిరాణా దుకాణం విజయవాడ టోకు వ్యాపారి దగ్గర నెలకు సుమారు 3,00,000 రూపాయల సరుకు కొంటానని, 15 రోజుల గడువు కావాలని రాసిందనుకుందాం. నెలలో సగం గడువు కాబట్టి 1,50,000 పరిమితి చాలునని ఇరువురూ అనుకోవడం మామూలే. కానీ దుకాణం ప్రతి సోమవారం 75,000 రూపాయల ఆర్డరు పెడుతుంది. మొదటి సోమవారం బిల్లు పదిహేనో రోజుకు గాని కట్టవలసిన పని లేదు. మూడో ఆర్డరు పద్నాలుగో రోజునే వస్తుంది. ఆ రోజున మూడు బిల్లులు కలిసి బకాయి 2,25,000కు చేరుతుంది. పరిమితి 1,50,000గా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో నమోదై ఉంటే, దుకాణదారు ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకపోయినా మూడో వారం సరుకు ఆగిపోతుంది. కొత్త ఖాతాల్లో తొలి మనస్పర్థ తరచూ ఇక్కడే మొదలవుతుంది. ఒకరు గడువును చూపిస్తారు, మరొకరు పరిమితిని చూపిస్తారు, ఇద్దరి మాటా నిజమే.

దీనికి పరిష్కారాలు రెండు. పరిమితిని 2,25,000గా అడగటం ఒకటి. గడువును 14 రోజులకు తగ్గించి, మూడో ఆర్డరు దిగేముందే మొదటి బిల్లు కట్టడం రెండోది. ఒక్క రోజు తగ్గించుకుంటే టోకు వ్యాపారి మీద పడే గరిష్ఠ భారం 75,000 తగ్గుతుంది కాబట్టి, ఈ లెక్క చూపిన లేఖకు ఆమోదం దొరికే అవకాశం పెరుగుతుంది. అయితే చెక్కు ద్వారా కట్టేచోట సొమ్ము జమ కావడానికి పట్టే సమయం కూడా కలుపుకోవాలి, లేకపోతే పద్నాలుగు రోజుల లెక్క మళ్లీ పదిహేనుకే జారుతుంది.

సంక్రాంతి, దసరా ముందు ఆర్డర్లు పెరగడం మరో చిక్కు. వారపు ఆర్డరు ఒకటిన్నర రెట్లయితే 15 రోజుల గడువు మీద గరిష్ఠ బకాయి 3,37,500 అవుతుంది. ఏడాది సగటును మాత్రమే రాసిన లేఖ ఈ అవసరాన్ని దాచేస్తుంది. ఏడాది పొడవునా పండగ పరిమితిని అడిగిన లేఖ టోకు వ్యాపారిని బెదరగొడుతుంది. అందుకే మామూలు పరిమితినీ, ఫలానా నెలలకు తాత్కాలిక పెంపునూ విడిగా అడగటం మేలని అనుభవజ్ఞుల మాట.

4. లేఖ ఎలా ఉండవచ్చు

పై వాదాలన్నిటినీ దృష్టిలో పెట్టుకుంటే, ఈ ఉదాహరణలోని దుకాణదారు ఈమెయిల్ సుమారు ఇలా రూపుదిద్దుకుంటుంది.

> విషయం: 14 రోజుల గడువుతో అరువు ఖాతా కోసం వినతి
>
> అయ్యా, నమస్కారం. తెనాలిలోని మా కిరాణా దుకాణం గత ఆరు నెలలుగా మీ వద్ద నగదుకు సరుకు తీసుకుంటోంది. ఈ కొనుగోళ్లు నెలకు సగటున 1,90,000 రూపాయలు. పప్పులు, వంటనూనె ప్రస్తుతం మరొకరి దగ్గర నెలకు 1,10,000 మేరకు కొంటున్నాము. మీరు ఖాతా తెరిస్తే వాటిని కూడా మీ వద్దే తీసుకుంటాము. వారానికి ఒక ఆర్డరు, సుమారు 75,000. గరిష్ఠ బకాయి 1,50,000 మించకుండా, మూడో ఆర్డరుకు ముందే మొదటి బిల్లు బ్యాంకు బదిలీ ద్వారా చెల్లిస్తాము. సంక్రాంతి నెలకు మాత్రం 2,25,000 వరకు అనుమతి కోరుతున్నాము.
>
> మా జీఎస్టీ నమోదు పత్రం, గత మూడు నెలల కొనుగోళ్ల పట్టిక జతచేశాము. మా చెల్లింపుల గురించి చెప్పగల ముగ్గురు సరఫరాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు కింద ఇచ్చాము. మీరు మాట్లాడతారని వారికి ముందే చెప్పి, అనుమతి తీసుకున్నాము. ప్రస్తుతం పప్పులు, నూనె ఇస్తున్నవారు ఆ ముగ్గురిలో ఉన్నారు. నగదుకు మీరిచ్చే డిస్కౌంట్ అరువు మీద ఎంత తగ్గుతుందో తెలుపగోరుతున్నాము.

ఈ లేఖలో అన్నిటికన్నా బలమైన వాక్యం ఆరు నెలల నగదు కొనుగోళ్లది. దాన్ని సరిచూడటానికి టోకు వ్యాపారి ఎవరినీ అడగనక్కర్లేదు. తన ఆవర్జా తెరిస్తే చాలు. కొనుగోళ్లు 1,90,000 నుంచి 3,00,000కు ఎలా పెరుగుతాయో చెప్పిన వాక్యం రెండోది. కారణం చెప్పని పెరుగుదల వట్టి ఆశ, కారణం చెప్పిన పెరుగుదల పరిశీలించదగిన అంచనా. అయితే పాత సరఫరాదారును వదిలి రావడం ఒక అనుమానానికి తావిస్తుంది. అక్కడ అరువు ఆగిపోయి ఇటు వస్తున్నారా అన్న ప్రశ్నకు, ఆ సరఫరాదారు పేరునే పూచీల్లో చేర్చడం సమాధానమవుతుంది.

5. చట్టం ఎంతవరకు తోడు

పూచీగా పేరు ఇచ్చిన ప్రతివారూ బాకీకి బాధ్యులన్న అపోహ ఇరువైపులా కనిపిస్తుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 126వ సెక్షన్ ప్రకారం, అప్పుదారు కట్టకపోతే తాను కడతానని మాట ఇచ్చినవాడే హామీదారు. చెల్లింపుల తీరు గురించి సమాచారం చెప్పినవాడు హామీదారు కాడు. ఇక్కడ మరో విశేషం ఉంది. భారత చట్టంలో హామీ నోటిమాటగానైనా చెల్లుతుంది కాబట్టి, “నేనున్నాను, ఇవ్వండి” అని ఫోనులో అన్న మాట సమాచారమా, హామీయా అన్న వివాదానికి తావుంటుంది. పూచీదారు పాత్ర సమాచారానికే పరిమితమని లేఖలో స్పష్టంగా ఉంటే ముగ్గురికీ క్షేమం. అజాగ్రత్తగా ఇచ్చిన సమాచారానికి బాధ్యత ఉండవచ్చని 1963లో ఇంగ్లండు ప్రభువుల సభ హెడ్లీ బర్న్ వ్యాజ్యంలో అంగీకరించింది. కానీ ఆ సమాచారం ఇస్తూ బాధ్యత మాది కాదని ముందే రాసుకున్న బ్యాంకును మాత్రం వదిలిపెట్టింది.

గడువును రాతలో పెట్టడానికి మరో కారణం కాలపరిమితి చట్టం. అమ్మిన సరుకు ధర కోసం దావా వేయడానికి మూడేళ్ల వ్యవధి ఉంటుంది. అరువు గడువు నిర్ణయమై ఉంటే అది ముగిసిన రోజు నుంచి, లేకపోతే సరుకు అందించిన రోజు నుంచి ఆ మూడేళ్లు లెక్కలోకి వస్తాయి. లేఖకు టోకు వ్యాపారి జవాబివ్వకుండా మౌనంగా ఉంటే ఆ మౌనం అంగీకారం కాదు. అయినా లేఖలోని షరతుల మీదే సరుకు పంపితే, ఆ పనే అంగీకారంగా పరిగణన పొందే అవకాశం ఉంది. అందువల్ల ఒప్పుకోని షరతులకు వెంటనే జవాబు రాయడం టోకు వ్యాపారికి అవసరం.

జీఎస్టీలో మరో గడువు దాగి ఉంది. కొనుగోలు మీద పన్ను మినహాయింపు పొందిన దుకాణదారు బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సరఫరాదారుకు డబ్బు కట్టకపోతే, ఆ మినహాయింపును వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలి. చిన్న, సూక్ష్మ సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలన్న 2006 నాటి చట్టం టోకు వ్యాపారికీ వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. 2021లో చిల్లర, టోకు వర్తకాన్ని ఆ పరిధిలో చేర్చినప్పటికీ, ఆ ప్రయోజనం బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాలకే పరిమితమని ప్రభుత్వం అప్పుడే పేర్కొంది.

6. ఇంకా తేలనివి

మొదటి ప్రశ్న అరువు ధరకు సంబంధించినది. నగదుకు 2 శాతం డిస్కౌంట్ ఇచ్చేచోట 15 రోజుల అరువు తీసుకుంటే, 98 రూపాయలను పదిహేను రోజులు వాడుకున్నందుకు 2 రూపాయలు ఇచ్చినట్టు. ఏడాదికి లెక్కిస్తే ఇది సుమారు 50 శాతం. నెలకు 3,00,000 కొనే దుకాణానికి ఇది నెలకు 6,000 రూపాయలు. 1,50,000 బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు ఏడాదికి 12 శాతం వడ్డీకి దొరికితే నెలకు 1,500తో పోతుంది. అయినా దుకాణదారులు అరువునే ఎందుకు కోరతారు? బ్యాంకు రుణం అందకపోవడం వల్లనని కొందరూ, పాడైన సరుకును బిల్లులో తగ్గించుకునే వీలు అరువులోనే ఉంటుందని మరికొందరూ అంటారు. రెండింటిలో ఏది ప్రధాన కారణమో దుకాణాన్ని బట్టి మారుతుంది.

రెండో ప్రశ్న పూచీదారుల సమాచారానిది. ముందుగా అనుమతి తీసుకుంటే పూచీదారు మాట సిద్ధమై వస్తుంది, తీసుకోకపోతే అతడి వ్యాపార వివరాలను పంచుకున్నట్టు అవుతుంది. నిష్పాక్షికతకూ మర్యాదకూ మధ్య పొంతన ఇంకా కుదరలేదు.

మూడోది డిజిటల్ చెల్లింపుల రికార్డులు లేఖ స్థానాన్ని ఆక్రమిస్తాయా అన్నది. బ్యాంకు స్టేట్‌మెంటు దుకాణానికి వచ్చిపోయే డబ్బును చూపుతుంది గాని, సరుకు దిగాక ఇంకా కట్టని బిల్లులను చూపదు. ఎవరికి ఎంత ఇవ్వవలసి ఉందో దుకాణదారు తానుగా చెప్పవలసినంత కాలం, ఆ మాటను మరొకరి ఆవర్జాలో సరిచూసుకోవలసిన అవసరం ఉంటుంది. కాబట్టి మూడు వాదాల్లో ఒకదాన్ని ఎంచుకోవడం కన్నా, లేఖలోని ఏ వాక్యాన్ని ఎక్కడ సరిచూడవచ్చో గుర్తించడం, సరిచూడటానికి వీల్లేని వాక్యానికి పరిమితిలో చోటివ్వకపోవడం ప్రస్తుతానికి ఆచరణీయమైన కొలమానం.